తోక కోసిన ఉత్తరం

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో ఇప్పటికీ ఆ మాటే అంటారు. కాన్పులు చేసే నర్సుకు కొంచెం కోపం ఉండాల్సిందే. లేకపోతే నొప్పుల్లో ఉన్న మనిషి చెప్పిన మాట వినదు, బయట కూర్చున్న అత్తగారు అసలే వినదు. అయితే నా ఉద్యోగం మొత్తంలో నాకు ఒళ్ళు మండించినవి కాన్పులు కావు, అత్తగార్లు కారు. కృతజ్ఞతలు. పోస్టులో పంపించే కృతజ్ఞతలు.

అరవైల మొదట్లో నేను చేరిన ప్రసూతి కేంద్రం నిజామాబాదు నుంచి బోధన్ పోయే దారిలో, చెరుకు చేల నడుమ ఉండేది. పెంకుటిల్లు, ఆరు మంచాలు, వెనక బావి, ముందు వరండా. సర్కారుది కాదు. పట్నంలోని పసుపు వ్యాపారులు, చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ఇచ్చిన చందాలతో ఒక కమిటీ నడిపేది. ట్రంకుపెట్టె పట్టుకొని పట్నంలో కంఠేశ్వర్‌లోని మా ఇంటి నుంచి వచ్చిన నాకు వరండా పక్క గది ఇచ్చారు. ఎదుటి గదిలో కమిటీ సెక్రటరీ గారి బల్ల.

సెక్రటరీ గారు రిటైరైన పేష్కారు. అంటే కచ్చేరీలో అధికారి ముందు కాగితాలు పెట్టే గుమాస్తా. నిజాం జమానాలో ఉర్దూలో, తర్వాత తెలుగులో, బతుకంతా అర్జీలు రాసి రాసి ఆయన చేతికి ఒక అలవాటు పట్టుకుంది. ఏ కాగితం మొదలుపెట్టినా ముందు పొగడ్త, నడుమ గోడు, చివర విన్నపం. మనవరాలి పెళ్ళి శుభలేఖ కూడా అలాగే రాశారట. "తమవంటి పెద్దలు విచ్చేయని పక్షమున మా గతి ఏమగునో" అన్న ముక్క చదివి, పెళ్ళి ఖర్చుకు కటకటగా ఉన్నట్టుందని చుట్టాలు బియ్యం బస్తాలతో దిగారట. ఈ సంగతి ఆయనే నాకు మీసం దువ్వుకుంటూ చెప్పారు.

అక్కడి సంగతి ఒకటి ముందే చెప్పాలి. నిజాంసాగర్ నీళ్ళు కాలువల్లో పారినంత మేరా చెరుకే. గానుగ మొదలైందంటే, చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఊళ్ళో ఒక్క బండి ఖాళీగా ఉండదు. అన్నీ చెరుకు మోస్తూ మిల్లు ముందు వరుసలో నిలబడి ఉంటాయి. వరుస వదిలితే మళ్ళీ వెనక్కి పోవాలి, కోసిన చెరుకు ఎండిపోయి తూకం తగ్గుతుంది. అందుకని ఎవరూ వరుస వదలరు. ఆ రోజుల్లో ఆడమనిషికి నొప్పులు మొదలైతే మా దగ్గరికి తీసుకురావడానికి బండి దొరికేది కాదు. మా చెవిన పడ్డ కాన్పు చావుల్లో చాలావరకు ఆ నెలల్లోనివే.

నేను చేరిన మరుసటి ఏడు, ఇంకా గానుగ మొదలుకాకముందు, కాలువ కింది ఊరి ముసలాయన ఒకడు తన జత ఎడ్లను, బండిని తోలుకొచ్చి మా వరండా ముందు విప్పాడు. పగ్గాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంతకు ముందు సీజనులో ఆయన కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చి, బండి దొరక్క, ఇంట్లోనే చనిపోయిందట. బిడ్డ కూడా దక్కలేదట. అంతవరకే చెప్పాడు. నేను ఏదో అడగబోతే తల అడ్డంగా ఊపాడు.

"గీ ఎడ్లు ఇగ చెరుకు మొయ్యొద్దమ్మా. ఆడిపిల్లలనే మొయ్యాలె," అన్నాడు.

ఆ రోజు నేను ఎడ్లను పట్టుకొని ఏడ్చాను. ఎడ్లు ఏమీ అనుకోలేదు.

బండికి వెదురు చాప కప్పు వేయించాం, వెనక పాత చీర పరదా కట్టాం. తోలడానికి బోధన్ నుంచి ఒక చాచా కుదిరాడు. తురక వీధిలో పుట్టి, చిన్నప్పటి నుంచి బండి తోలిన మనిషి. బండి ఎక్కడికి పోయినా మా ఆయా వెంట పోవాలని నేను నియమం పెట్టాను. ఆమె బుట్టలో ఉడకబెట్టిన బ్లేడు, దారం, ఎండలో ఆరేసిన గుడ్డలు ఉండేవి. బండి వస్తున్న దారిలోనే కాన్పు అయిపోతే ఉత్త చేతులతో నిలబడకూడదు కదా.

అంతా సవ్యంగానే ఉంది గానీ ఎడ్లకు ఒక జబ్బు ఉంది. ఏళ్ళ తరబడి చెరుకు మోసినవి. మా దారిలో నాటు చక్కెర తీసే ఖండసారి మిల్లు ఒకటి ఉండేది, దాని ముందు బండ్ల వరుస. ఆ మలుపు దగ్గరికి రాగానే ఎడమ ఎద్దు ముట్టె పైకెత్తి వాసన చూసేది, రెండోదాన్ని ఈడ్చుకుంటూ వరుస వైపు తిరిగేది. చాచా ఎప్పుడూ దిగి, ముకుతాడు పట్టుకొని, మలుపు దాటించి ఎక్కేవాడు. ఒకనాడు వెనక ఆయా "చాచా, బిడ్డ తల కనబడుతున్నది, ఆపు" అని కేకేసింది. చాచా ఆపి, దిగి, మొహం అటు తిప్పుకొని నిలబడ్డాడు. ఎడ్లు ఇదే సందు అనుకొని మెల్లగా పోయి వరుసలో నిలబడ్డాయి. వెనక ఇంకో రెండు చెరుకు బండ్లు వచ్చి చేరాయి. ఇక ముందుకూ లేదు, వెనక్కీ లేదు.

చెరుకు కొట్టే ఆడవాళ్ళు చీర కొంగులు పట్టి చుట్టూ నిలబడ్డారు. ఆయా కాన్పు చేసింది. ఆ కాసేపట్లో ముందున్న బండ్లు కదిలాయి, మా ఎడ్లు కూడా మర్యాదగా కదిలి, కాటా పలక మీద ఎక్కి నిలబడ్డాయి. కాటా దగ్గరి గుమాస్తా తల ఎత్తకుండా తూకం చూసి, చిట్టీ రాయబోతూ "ఏం చెరుకు?" అని అడిగాడట. పరదా వెనక నుంచి పసిపిల్ల కేర్ మంది. ఆయన చాలాసేపు ఆలోచించి, సరుకు అన్న చోట "చెరుకు కాదు" అని రాసి చిట్టీ చింపి చాచా చేతిలో పెట్టాడు. ఎక్కిన బండికి చిట్టీ ఇవ్వకపోతే ఆయన లెక్క తప్పుతుందట. తల్లి, పిల్ల సాయంత్రానికి మా మంచం మీద ఉన్నారు. ఆ చిట్టీని ఆ తల్లి, పిల్ల పుట్టిన తేదీ కాగితంగా దాచుకుంది. మా ఆయా ఆ పిల్లను కాటామ్మ అని పిలిచేది.

ఇక కృతజ్ఞతల సంగతి.

ఎడ్లు వచ్చిన వారానికే సెక్రటరీ గారు ముసలాయనకు ధన్యవాదాల ఉత్తరం పంపించారు. నేను చదవలేదు, చదవాలని తోచలేదు. పదిహేను రోజులకు ముసలాయన పాలిచ్చే ఆవును తోలుకొచ్చాడు. "తల్లులకు పాలు కావాలె గద" అన్నాడు. నేను సంతోషపడ్డాను. సెక్రటరీ గారు ఇంకా సంతోషపడి ఇంకో ఉత్తరం రాశారు. సంక్రాంతి దాటాక ముసలాయన మూడు బస్తాల వడ్లు దింపాడు. చూస్తే విత్తనం వడ్లు. ఇవి ఇచ్చేస్తే వచ్చే పంటకు ఏం చల్లుతాడని నేను అనుకున్నాను. సెక్రటరీ గారు మూడో ఉత్తరం రాశారు. గానుగ ఆగిన వారానికి ముసలాయన ఇత్తడి గుండి నెత్తిన పెట్టుకొని, ఎండలో నడిచి వచ్చాడు. నీళ్ళు కాచుకునే గుండి, ఇంట్లో ఉన్న ఒక్కటే గుండి. తోలుకొచ్చేందుకు బండి లేదు మరి, అది మాకే ఇచ్చాడు.

"తాతా, ఇదేంది?" అని అరిచాను.

"కాయితం వచ్చిందమ్మా. సదివిపిచ్చుకున్న," అన్నాడు. తలపాగా మడతలోంచి మూడు ఉత్తరాలూ తీశాడు.

అప్పుడు చదివాను. మూడింటిదీ ఒకటే పాట. "దయామయులైన తమరి వితరణకు శతకోటి ధన్యవాదములు. అయినను మా కష్టములు సముద్రమువంటివి. నిత్యము ఎందరో అభాగినులు దిక్కులేక అలమటించుచున్నారు. కావున తమవంటి కల్పవృక్షములు ఇకముందును తమ కరుణాకటాక్షము ప్రసరింపజేయగలరని వేయి కండ్లతో ఎదురుచూచుచు" అని కింద సంతకం. సంతకం కింద అచ్చుకాగితం మీదే "విరాళములు అన్ని దినములలోను స్వీకరించబడును" అని ఎర్ర అక్షరాలు. మూడింటికీ ఖాళీ మనియార్డరు ఫారాలు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. ఎడ్లు అన్న మాట మూడు ఉత్తరాల్లోనూ ఎక్కడా లేదు.

"ఏం అద్దు తాతా. అన్ని ఉన్నయి. గుండి తీస్కపో," అన్నాను.

ఆయన కదల్లేదు. నేల చూస్తూ అడిగాడు.

"ఇంకా సస్తున్నరా అమ్మా?"

"ఎవరు?"

"ఆడిపిల్లలు. ఎందరో దిక్కు లేక ఏడుస్తున్నరని గా కాయితంల ఉన్నదట. మా ఊరి పంతులు సదివిండు. మూడు మాట్ల గదే ఉన్నదట. నా ఎడ్లు ఏం చెయ్యలేకపోయినయి గావచ్చు. నడవలేకపోతున్నయా? సచ్చిపోయినయా?"

"తాతా, నీ ఎడ్లు మస్తుగున్నయి. ఎంతమందిని తెచ్చినయో తెల్సా?"

"నువ్వు నా మొకం చూసి చెప్తున్నవమ్మా. నన్ను చూస్తే పాపమనిపిస్తది నీకు. కాయితం రాసినోళ్ళు నా మొకం చూడలే."

గుండి వరండాలో పెట్టి, ఎడ్ల వైపు కూడా తిరగకుండా వెళ్ళిపోయాడు. చూస్తే ఏం కనబడుతుందోనని భయపడి ఉంటాడు. నేను కోపంతో సెక్రటరీ గారి గదిలోకి పోయాను.

"పెద్దసారూ, ముసలాయన ఇల్లు ఊడ్చి మన వరండాల వెడ్తున్నడు. ఇగ ఇంట్ల మిగిలింది ముసలమ్మే. మీ నాలుగో ఉత్తరానికి ఆమెను గూడ తోల్కొస్తడు."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "చూసినవా బిడ్డా, ఉత్తరానికెంత తాకత్ ఉన్నదో!"

ఉత్తరానికి బలం ఉన్న మాట నిజమే. పట్నంలో ఒక బట్టల వ్యాపారి మా పోస్టు కవరు చూడగానే "షాపు బందు" అనేవాడట. ఇంకొకాయన ఒక్క రూపాయి మనియార్డరు పంపి, సందేశం చోట "ఇక ధన్యవాదములు వద్దని ప్రార్థన" అని రాశాడు. సెక్రటరీ గారు దానికి కూడా ధన్యవాదాలు రాసి పంపారు.

నేను బల్ల మీద గుద్దాను. మసిబుడ్డి ఎగిరి ఆయన రుమాలు మీద పడింది. రుమాలు పాడైనందుకు ఆయన, ముసలాయన కోసం నేను, ఇద్దరం మూతి ముడుచుకున్నాం. చివరికి ఆయనే, "సరే, నువ్వే చెప్పు. ధన్యవాదాలు ఎట్ల రాయాలె?" అన్నారు.

"ఆయన ఇచ్చింది ఏంది, గదేం చేసింది, ఎవరికేమైంది, ఏం తప్పింది. గంతే. అడుగుడు అద్దు."

"అడగకుంటే అది ఉత్తరమెట్లైతది బిడ్డా? జవాబెందుకు రాస్తరు?"

"జవాబు అద్దు సార్. ధన్యవాదాలకు జవాబు ఏంది? అడగాలనుంటే వేరే దినం, వేరే కాయితం మీద అడుగుండ్రి. అడుగుతున్నమని రాసి అడుగుండ్రి."

ఆయనకు అది అర్థం కాలేదు గానీ మంచి మనిషి. ప్రయత్నం చేశారు. ఆ వారం రోజులూ మా ఇద్దరి మధ్య జరిగిన యుద్ధం కాన్పుల గదిలో కూడా ఎప్పుడూ జరగలేదు. ఆయన రాసి తేవడం, నేను గీత కొట్టడం. కల్పవృక్షం కొట్టేశాను. సముద్రం కొట్టేశాను. అభాగినులు కొట్టేస్తే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఆయన కచ్చేరీలో ముప్ఫై ఏళ్ళు వాడిన మాటట.

అయితే విన్నపం అనేది చెరుకు మొదలు లాంటిది, కొట్టినకొద్దీ పిలకేస్తుంది. "ఎడ్లకు గడ్డి ఉన్నది" అని నేను రాస్తే, మరునాటికి అది "ఇప్పటికి ఎడ్లకు గడ్డి ఉన్నది" అయింది. ఆ "ఇప్పటికి"ని కొట్టేస్తే, "దేవుని దయవలన ఈ వర్షాకాలమునకు కూడా పెంకులు ఆగవచ్చును" అని ఒక వాక్యం కొత్తగా దూరింది. దాన్ని కొట్టేస్తే, సంతకం దగ్గర "తమ కరుణ కొరకు" అని మొలిచింది. అన్నీ పోయాక కూడా ఆయన ఫారం గుచ్చారు. నేను సూది తీస్తే వేలికి గుచ్చుకుంది.

"అలవాటు బిడ్డా," అన్నారు సిగ్గుపడుతూ.

నిజాల కోసం నేను చాచాను, ఆయాను కూర్చోబెట్టుకొని అడిగాను, కాన్పుల రిజిస్టరు పక్కన పెట్టుకొని సరి చూసుకున్నాను. బండి తెచ్చిన వాళ్ళెవరు, నడిచి వచ్చిన వాళ్ళెవరు అన్నది విడదీశాను. కాటా కథ రాయాలంటే ఆ తల్లి ఒప్పుకోవాలి కదా. వాళ్ళ ఊరికి పోయి అడిగాను. ఆమె పిల్లకు పాలిస్తూ నవ్వింది.

"రాయి అక్కా. నా పేరు మాత్రం రాయకు. కాటా కాడ కన్నదని మా అత్త ఇప్పటికే ఊరంత చెప్పుకుంటున్నది."

తీరా కాటా కథ చూసి సెక్రటరీ గారు రెండు చేతులూ ఎత్తారు. "ఎడ్లు దారి తప్పినయని దాతకు రాస్తరా ఎవరన్న? కాలువ గండిపడ్డనాడు ఒక పిల్ల దక్కలేదని రాస్తరా? ఇజ్జత్ పోతది!"

"జరిగిందా లేదా?"

"జరిగింది."

"ఆయన ఎడ్లేనా?"

"ఆయన ఎడ్లే."

"మరి ఆయనకు చెప్పక ఎవరికి చెప్తం సార్?"

ఆయన కలం తీసి సాపు ప్రతి రాశారు. చేతిరాత మాత్రం ముత్యాలే. అంతా అయ్యాక చూస్తే, అచ్చుకాగితం అడుగున ఎర్ర అక్షరాలు మిగిలే ఉన్నాయి, విరాళములు అన్ని దినములలోను. కొత్త కాగితాలు అచ్చు వేయించాలంటే పట్నం పోవాలి. నేను బొడ్డుతాడు కోసే కత్తెర తెచ్చి అడుగు భాగం కోసేశాను. మిగతా దాతలకు కూడా ఎవరిచ్చింది ఏమైందో వాళ్ళకు వేర్వేరుగా రాసి, అన్నిటి తోకలూ కోశాను. మంచం ఇచ్చినాయనకు ఆ మంచం మీద మొదట పడుకున్న మనిషి సంగతి, చందా ఇచ్చిన పసుపు వ్యాపారికి ఆ డబ్బుతో కొన్న మందుల సంగతి. కత్తెరను మళ్ళీ ఉడకబెట్టాను.

ఉత్తరాలు చేరాయి. ఇక చూడాలి. మంచం ఇచ్చిన పెద్దమనిషి పట్నం నుంచి జట్కా కట్టించుకొని పరుగున వచ్చాడు. "ఏమైంది? బందు చేస్తున్నరా? ఏం అడగలేదేంది?" అని. తన మంచం దగ్గరికి పోయి, దాని మీద పడుకున్న బాలింతను చూసి, సిగ్గుపడి బయటికొచ్చాడు. పసుపు వ్యాపారి మా ఉత్తరం పట్టుకొని పోస్టాఫీసుకు పోయి, "నా ఉత్తరం కింది ముక్క ఎవరో కోసుకున్నరు, దాంట్ల ఏం అడిగిండ్రో నాకు తెలియాలె" అని గలాటా చేశాడట. పోస్టుమాస్టరు సంజాయిషీ అడుగుతూ మాకు ఉత్తరం రాశాడు. సెక్రటరీ గారికి చాలా రోజుల తర్వాత పని దొరికింది. పోస్టుమాస్టరుకు ముందు పొగడ్త, నడుమ గోడు, చివర క్షమించమని విన్నపం, కాగితం రెండు వైపులా నింపి రాశారు. నేను ఆ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

ముసలాయన మాత్రం రాలేదు. పది రోజులు చూశాను. గుండి వరండాలోనే ఉంది. దాన్ని వాడనివ్వలేదు నేను. రాసింది ఆయనకు నచ్చలేదేమో, పిల్ల దక్కలేదన్న ముక్క దగ్గర ఆగిపోయాడేమో అని నాకు దిగులు పట్టుకుంది. సెక్రటరీ గారు చెప్పిందే నిజమేమో, కొన్ని సంగతులు చెప్పకపోవడమే దయేమో అని కూడా అనిపించింది.

ఒక పొద్దున వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. వరండా మెట్టు మీద కూర్చుని, తలపాగాలోంచి ఉత్తరం తీశాడు.

"ఒక కాయితం తప్పిపోయిందట సారూ. గది తీస్కపోదామని వచ్చిన."

"ఏ కాయితం?" అన్నారు సెక్రటరీ గారు బయటికి వస్తూ.

"పంతులు సదివిండు. మొత్తం సదివి, 'ఇందుల ఏం అడగలే, అడిగే కాయితం వేరే ఉండాలె, కింద కోసుకపోయింది గూడ చూడు' అన్నడు. గా కాయితంల ఏమున్నదో చెప్పుండ్రి. ఇంట్ల ఇంకో బిందె ఉన్నది."

 సెక్రటరీ గారు ఆయన పక్కన మెట్టు మీదే కూర్చున్నారు. "వేరే కాయితం లేదు పటేలా. ఇదే మొత్తం. నేను సదువుత, విను," అని ఉత్తరం విప్పారు. కచ్చేరీలో ఫైసలా, అంటే తీర్పు, చదివినట్టు ఒక్కొక్క మాట గట్టిగా చదివారు.

"అయ్యా, మీరు ఇచ్చిన ఎడ్లు, బండి ఈ సీజనులో ఏం చేశాయో చెప్పడానికి ఈ ఉత్తరం. అంతకు ముందు సీజనులో మీ వైపు ఊళ్ళ నుంచి మా దాకా రాగలిగిన గర్భిణులు ఇద్దరే. ఈసారి మీ బండి పదకొండు మందిని తెచ్చింది. పదకొండు మంది తల్లులూ బతికి ఇళ్ళకు వెళ్ళారు. పది మంది బిడ్డలు బతికారు. ఒక బిడ్డ దక్కలేదు. ఆ రోజు కాలువ గండిపడి తోవ మునిగి, బండి చుట్టు తిరిగి రావలసి వచ్చింది. అటువైపు ఊళ్ళ వాళ్ళను ఇక మీదట నొప్పులు రాకముందే తెచ్చి ఇక్కడ ఉంచుతాం."

ముసలాయన పెదవులు కదిలిస్తూ వింటున్నాడు. పదకొండు అన్నప్పుడు వేళ్ళు మడిచాడు, వేళ్ళు చాల్లేదు.

"ఒకనాడు మీ ఎడ్లు దారి తప్పాయి. దారిలో కాన్పు కోసం బండి ఆపితే, ఎడమ ఎద్దు ముందు తిరిగి, రెండోదాన్ని లాక్కొని, మిల్లు ముందు చెరుకు బండ్ల వరుసలో పోయి నిలబడింది."

"ఆగు సారూ," అన్నాడు ముసలాయన. "ఎడమదేనా?"

"ఎడమదే."

ఆయన నవ్వాడు. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. "నాదే! నా ఎద్దే! దానికి గది అలవాటు. ముట్టె లేవట్టి వాసన చూస్తదా?"

"చూస్తది," అని చాచా కొట్టం దగ్గర్నుంచి కేకేశాడు. "పాగల్ జానవర్!"

"అంటే బతికే ఉన్నయి," అన్నాడు ముసలాయన నా వైపు తిరిగి. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ మేము రాసిన మూడు ఉత్తరాలూ ఏ దాతకు రాసినవైనా కావచ్చు. ఇది మాత్రం ఆయన ఎడ్ల గురించే.

"ఆ వరుసలోనే కాన్పు అయింది," సెక్రటరీ గారు చదివారు. "మా ఆయా దగ్గర సామాను ఉంది. తల్లి, ఆడపిల్ల ఇద్దరూ క్షేమం. ఈ సంగతి ఆ తల్లి అనుమతితో రాస్తున్నాం."

ముసలాయన నవ్వు ఆగిపోయింది.  ఎవరితోనూ కాకుండా నేలతో చెప్పినట్టు చెప్పాడు.

"గా వరుసల నిలవడుడు దానికి నేర్పింది నేనే. గా దినం గూడ వరుసలనే ఉన్న. గీ ఎడ్లే. ఇంటికాడి నుంచి మనిషి ఉరికొచ్చి, బిడ్డకు నొప్పులు లేసినయి బండి తెమ్మన్నడు. నా ముందర నాలుగు బండ్లే ఉండె. తూకమైనంక పోదామనుకున్న."

సెక్రటరీ గారు కాగితం మోకాలి మీద పెట్టారు. నేను వెళ్ళి ముసలాయన ముందు గచ్చు మీద కూర్చున్నాను. 

"గాడనే పుట్టిందా? గా వరుసలనే?"

"గాడనే తాతా."

"పిల్ల బతికే ఉన్నదా ఇప్పుడు?"

"ఉన్నది. పాలు మస్తు తాగుతది. కాటామ్మ అంటం మేము."

"కాటామ్మ," అన్నాడు. తలపాగా కొసతో మొహం తుడుచుకున్నాడు. "సదువు సారూ."

ఆయన చివరి ముక్క చదివారు. "ఎడ్లకు గడ్డి ఉంది. కొత్త నాడాలు కొట్టించాం. ఎడమ ఎద్దు మెడ మీది పుండు మానింది. ఈ ఉత్తరం ఏదీ అడగడానికి కాదు. వచ్చే సీజను అయిపోయాక ఏం జరిగిందో మళ్ళీ రాస్తాం." అక్కడితో అయిపోయింది. సెక్రటరీ గారి నోరు మాత్రం తెరిచే ఉంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఇంకొక వాక్యం రావాల్సి ఉంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన నోరు మూసుకొని, కాగితం మడిచి, రెండు చేతులతో ముసలాయనకు ఇచ్చారు.

"గంతేనా?"

"గంతే పటేలా. ఏం అడగలే."

ముసలాయన లేచి కొట్టంలోకి పోయాడు. ఎడమ ఎద్దు గంగడోలు నిమిరాడు, కొమ్ముల మధ్య చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి వరండాలోని గుండి ఎత్తి, అడుగు తట్టి చూసి, నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇది తీస్కపోతమ్మా. ముసల్ది సల్లనీళ్ళతోని తానం చేస్తున్నది."

విత్తనం వడ్లు కూడా చాచా బండిలో వేసి ఆయనతోనే పంపించాం. ఆవును మాత్రం వద్దన్నాడు, కాటామ్మ తల్లిలాంటి వాళ్ళకు పాలు పొయ్యమన్నాడు. గేటు దాటబోతూ ఆగి, గుండి పడకుండా మెల్లగా వెనక్కి తిరిగాడు.

"సీజనైనంక మళ్ళ రాస్తరు గదా?"

"రాస్తం తాతా."

"గప్పుడు వస్త. గిట్లనే, ఉత్త చేతులతోని వస్త," అని, చాచా తోలుతున్న తన ఎడ్ల వెనక నడుచుకుంటూ వెళ్ళాడు.